ఊరికే ఆనించిన పైపు

ఇది నేను మా ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ఆ గురువారం చర్చిలో దన్ను పైపు కింద బోల్టులు వేయవద్దని తాత అన్నప్పుడు, సరేనని తల ఊపింది నేను. మేస్త్రి కాదు. మా సార్ ఇప్పటికీ మేస్త్రే అనుకుంటున్నారు.

నేను కరీంనగర్‌లో ఒక చిన్న ఇంజనీరింగ్ ఆఫీసులో పనిచేస్తాను. డిప్లొమా అయ్యాక చేరాను. డ్రాయింగులు గీయడం, లెక్కలు వేసి సార్‌కు ఇవ్వడం నా పని. మాట్లాడాల్సిన అవసరం తక్కువ కాబట్టే ఆ పని నాకు నచ్చింది. చెప్పాలనుకున్నవి డైరీలో రాసుకుంటాను. సైటులో ఖాళీ దొరికితే అక్కడా రాసుకుంటాను. మేస్త్రి అది చూసి ఎప్పుడూ ఒకటే అనేవాడు.

"ఏం బిడ్డా, లెక్కలు రాస్తున్నవా? మా మీద పితూరీ రాస్తున్నవా?"

ఆయనది ఖానాపూర్ అవతల ఊరు. యాభై దాటిన మనిషి. నేను కాకా అని పిలిచేదాన్ని.

పని వచ్చింది సుల్తానాబాద్ దాటాక ఉన్న ఒక పల్లెలోని మిషన్ చర్చికి. అది మా అమ్మమ్మ ఊరే. అమ్మమ్మ పోయాక అక్కడ మాకెవరూ మిగల్లేదు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఆ చర్చిలోనే సండే స్కూలుకు కూర్చున్నాను. చెప్పింది సంఘ పెద్ద అయిన ఆ తాతే. బైబిలు వాక్యం తప్పు చదివితే కొట్టేవాడు కాదు, మళ్లీ చదివేదాకా కళ్లు మూసుకుని కూర్చునేవాడు. ఆ మూసిన కళ్లంటేనే నాకు భయం.

చర్చి కప్పు బెంగుళూరు పెంకులది. పెంకుల బరువును గోడల మీదికి దించేవి పెద్ద టేకు ట్రస్సులు, అంటే త్రికోణపు కర్ర చట్రాలు. వాటిలో ఒకదాని చివర, సరిగ్గా గోడ మీద కూర్చునే చోట, చెద తినేసింది. వేలితో పొడిస్తే వేలు లోపలికి పోయింది. ఆ పాడైన ముక్క కోసేసి కొత్త టేకు అతకాలి. కోసి అతికే రోజుల్లో ఆ చివర భారమంతా ఒక్క పైపు మోయాలి. భారం నాలుగు టన్నులు. నేల నుంచి ట్రస్సు దాకా ఎత్తు ఆరు మీటర్లు.

పైపు ఎంచింది నేనే.

ఇలాంటి పొడవాటి దన్ను నలిగి విరగదు. చీపురు పుల్లను నిలబెట్టి పై నుంచి అరచేతితో నొక్కితే ఏమవుతుందో అదే అవుతుంది. పుల్ల నలగదు, నడుము దగ్గర పక్కకు వంగిపోతుంది. పొడవు రెండింతలైతే మోసే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. చివర్లు ఎలా పట్టుకున్నామన్నది కూడా అంతే ముఖ్యం. రెండు చివర్లూ కదలకుండా, తిరగకుండా బిగించి ఉంటే పైపు తన నిజమైన పొడవు కన్నా పొట్టిదానిలా నిలబడుతుంది. లెక్కలో ఆరు మీటర్లను అరవై ఐదు శాతంగా తీసుకోవచ్చు. ఊరికే ఆనించి ఉంటే ఆరు మీటర్లూ ఆరు మీటర్లే.

మా ఆఫీసులో ఇలాంటి పనికి మూడు రెట్ల రక్షణ ఉండాలన్నది నియమం. అంటే నాలుగు టన్నులు మోయాల్సిన పైపు పన్నెండు టన్నుల దాకా వంగకూడదు. నేను కింది ప్లేటును నాలుగు బోల్టులతో నేలకు బిగించినట్టు, పైన ట్రస్సుకు పట్టీలతో గట్టిగా కట్టినట్టు గీశాను. ఆ లెక్కన మూడంగుళాల మధ్యరకం పైపుకు మూడు పాయింట్ ఒకటి వచ్చింది. సార్ ఏదో ఫోనులో మాట్లాడుతూ సంతకం పెట్టారు.

గురువారం పైపు నిలబెట్టేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. మేస్త్రి డ్రిల్లు మిషను వైరు విప్పుతుంటే తాత కర్ర పొడుచుకుంటూ వచ్చాడు.

"ఏం జేస్తున్నవ్ రా?"

"బోల్టులు ఎయ్యాలె పెద్దయ్యా. నాలుగు బొక్కలంతే."

"బొక్కలా? గీ రాళ్లల్లనా?"

ఆ నేల రాళ్ల సంగతి నాకు తెలుసు. చర్చి కట్టినప్పుడు ఇంటికొక రాయి చొప్పున తెచ్చి ఇచ్చారు. ప్రతి రాయి మీదా ఆ ఇంటివాళ్ల పేరు చెక్కించారు. కానీ పేరు పైకి కనబడితే గొప్ప చెప్పుకున్నట్టవుతుందని, పేర్లున్న వైపు భూమిలోకి పెట్టి పరిచారు. అందుకే ఏ రాయి ఎవరిదో ఎవరికీ తెలియదు. మా అమ్మమ్మ వాళ్ల అత్తగారింటి రాయి కూడా అందులో ఎక్కడో ఉంది.

"ఎవరి రాయి ఏదో ఎరుకైతే, వాళ్లనన్న అడిగి పొడుస్తుంటిమి. ఎరుక లేదు గద. అన్ని రాళ్లూ అందరియే. వద్దు," అన్నాడు తాత. తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు మనింటి పిల్లవే గద. ఏమంటవు బిడ్డా, బోల్టు లేకుంటె నడువదా?" అని అడిగి కళ్లు మూసుకున్నాడు.

నేను తల ఊపాను. కళ్లు మూసుకున్న మనిషికి తల ఊపితే ఎలా కనబడుతుంది? "నడుస్తది తాతా" అని కూడా అన్నాను. చాలా మెల్లగా. మేస్త్రి నా మొహం ఒకసారి చూశాడు. వైరు మళ్లీ చుట్టేశాడు. నేల మీద ఒక టేకు పలక వేసి, దాని మీద తిప్పితే పైకి లేచే జాకీ పెట్టి, ఆ జాకీ మీద పైపు నిలబెట్టి, ట్రస్సు భారం పైపు మీదికి ఎక్కేదాకా తిప్పాడు.

శుక్రవారం పొద్దున ఆఫీసులో ఇంకా ఎవరూ రాలేదు. నిన్నటి రోజు డైరీలో రాసుకుంటున్నాను. తాత మాట, రాళ్ల కింద పేర్లు, అమ్మమ్మ, అన్నీ రాశాను. ఆ రాళ్ల గురించి రాయడం నాకు బాగా నచ్చి కొంచెం గొప్పగా కూడా రాశాను. చివర్లో "పైపు పలక మీద ఊరికే ఆనించి ఉంది, పీట కాలు లాగా" అని రాసి పెన్ను ఆపాను.

ఊరికే ఆనించి.

లెక్క కాగితం తీశాను. పైన పట్టీలున్నా పాత కర్ర పైపును తిరగకుండా ఆపదు కాబట్టి, అరవై ఐదు శాతం కొట్టేసి పూర్తి ఆరు మీటర్లు వేశాను. ఆ పైపు అయిదు టన్నుల పైచిలుకుకే వంగిపోతుంది. మూడు పాయింట్ ఒకటి అనుకున్నది ఒకటి పాయింట్ మూడు. నేను తప్పు వేశానేమోనని మళ్లీ వేశాను. మళ్లీ అదే.

ఆ ఒకటి పాయింట్ మూడు కూడా పైపు గీత గీసినట్టు తిన్నగా ఉంటేనే. ఏ పైపూ అంత తిన్నగా ఉండదు. వంగే భారానికి అంత దగ్గరగా మోస్తున్నప్పుడు ముందే ఉన్న చిన్న వంపు నాలుగింతలవుతుంది. ఆ పైన ఎవరైనా పైపుకు తగిలినా, ట్రస్సు మీద ఇద్దరు ఎక్కినా చాలు.

పదకొండు గంటలకు వడ్రంగి పని చేసే వడ్లాయన రంపం పట్టుకుని ఆ ట్రస్సు పక్కన కూర్చుంటాడు. ఇప్పుడు భారం కొంచెం ఆ పుచ్చిన కర్ర కూడా మోస్తోంది. అది కోసేస్తే మొత్తం పైపు మీదే పడుతుంది. పైపు వంగితే ట్రస్సు, పెంకులు, ఆయన కూర్చున్న మంచె, అన్నీ కలిసే కిందికి వస్తాయి.

మేస్త్రికి ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. సైటులో ఆయన ఫోను అన్నం సంచీలో పెట్టి బయట వదిలేస్తాడు, అది నాకు తెలుసు. అయినా ఆరుసార్లు చేశాను. తాత నంబరు నా దగ్గర లేదు. సార్ ఫోన్ స్విచాఫ్. ఏదో మీటింగు ఉందని ముందు రోజే చెప్పారు. ఇక్కడ ఒక నిజం కూడా రాయాలి. సార్ ఫోన్ స్విచాఫ్ అని వినగానే నాకు ఒక్క క్షణం ఊపిరి తేలికైంది.

బస్టాండుకు పరుగెత్తాను. పెద్దపల్లి బస్సు కదులుతోంది, ఎక్కేశాను. సీటు దొరికింది కానీ కూర్చోలేకపోయాను. కిటికీ పక్క కడ్డీని పట్టుకుని నిలబడ్డాను. అదీ పైపే. దాని మీద చేయి వేసి ఉండడం కూడా నాకు భయంగా అనిపించింది, తీసేశాను. కండక్టరు అడిగాడు.

"ఏమైందమ్మా, వాంతి అస్తుందా? కిటికీ కాడ కూసో."

తల ఊపాను. అందరికీ తల ఊపడమే నాకు వచ్చింది.

దారి పొడవునా వరి పొలాలు. బస్సు ప్రతి స్టాపులోనూ ఆగింది. ఒకావిడ రెండు కోళ్ల బుట్టలు ఎక్కించడానికి చాలాసేపు తీసుకుంది. నేను కళ్లు మూసుకుంటే పైపు నడుము దగ్గర మెల్లగా వంగుతూ కనబడింది. చప్పుడు లేకుండా. భయమంతా అక్కడే. కర్ర విరిగే ముందు చిటపటమంటుంది. ఇలా వంగే పైపు ముందుగా ఏమీ చెప్పదు.

సుల్తానాబాద్‌లో ఆటో మాట్లాడుకుని చర్చి దగ్గర దిగేసరికి పదకొండు దాటింది. లోపలి నుంచి రంపం చప్పుడు వినబడుతోంది. నా కాళ్లు మెట్ల దగ్గరే ఆగిపోయాయి. లోపలికి వెళ్లాలంటే ఆ కప్పు కిందికే వెళ్లాలి. ఒక్క క్షణం బయటే నిలబడ్డాను. తర్వాత వెళ్లాను.

వడ్లాయన మంచె మీద ఉన్నాడు. కోస్తున్నది ట్రస్సును కాదు, దాని పక్కన అడ్డుగా ఉన్న ఒక పట్టెను. మేస్త్రి కింద నింపాదిగా బీడీ కట్ట సర్దుకుంటున్నాడు.

"ఆపుండ్రి," అన్నాను.

ఎవరికీ వినబడలేదు. నాకే సరిగ్గా వినబడలేదు. పట్టె తెగి కింద పడింది. వడ్లాయన రంపం దులిపి, జరిగి కూర్చుని, దాన్ని ట్రస్సు మీద ఆనించాడు.

"ఆపుండ్రి! కోయకుండ్రి! దిగుండ్రి, మంచె దిగుండ్రి!"

ఆ గొంతు నాదే. చర్చి గోడలకు తగిలి తిరిగి వచ్చింది. చిన్నప్పుడు అక్కడ వాక్యం చదివినప్పుడు కూడా నా గొంతు రెండో బెంచీ దాటేది కాదు.

వడ్లాయన రంపం ఎత్తి కిందికి చూశాడు. "ఏమైంది? పాము అచ్చిందా?"

"పైపు... సరిపోదు."

మేస్త్రి నవ్వాడు. "ఏం బిడ్డా, పరేషాన్ చేస్తవు? గీ పైపు ఇరవై టన్నులు మోస్తది. నేను ముప్పై ఏండ్ల సంది చూస్తున్న."

"జానెడు ముక్క అయితే మోస్తది కాకా. గింత పొడుగుది మోయది. చీపురు పుల్ల వంగినట్టు వంగుతది. బోల్టులుంటె నడుస్తుండె. లెవ్వు గద."

ఆయన నవ్వు ఆగింది. పైపును కింది నుంచి పైదాకా చూశాడు.

"తిన్నగనే ఉంది గద."

"దారం పట్టి చూద్దాం. ముట్టకుండ."

వడ్లాయన పై చివర దగ్గర దారం పట్టుకున్నాడు. నేను కింద జాకీ దగ్గర పట్టుకున్నాను. మేస్త్రి మంచె నడిమి పలక మీద నిలబడి, దారానికీ పైపుకూ మధ్య స్కేలు పెట్టాడు. తీసి, మళ్లీ పెట్టి చూశాడు.

"ఎంత కాకా?"

"ఇరవై మిల్లీలు. నిన్న నిలవెట్టినప్పుడు గింత లేకుండె. నాలుగైదు ఉండె." గొంతు మెల్లగా వచ్చింది. తర్వాత పైకి చూసి, "బావా, నువ్వు దిగు. మెల్లగ. గా పైపుకు చెయ్యి తగులనియ్యకు," అన్నాడు.

వడ్లాయన దిగుతున్నంతసేపూ నేను మెట్లు లెక్కపెట్టాను. పదమూడు. ఆయన కాలు నేల మీద పడ్డాక నా దవడలు నొప్పిగా ఉన్నాయని తెలిసింది.

ఇంకా కర్ర కోయలేదు కాబట్టి ఒక దారి ఉంది. జాకీ దించితే భారం మళ్లీ గోడ మీది పాత చివరకే పోతుంది. ఆ పుచ్చిన కర్ర ఇన్నేళ్లు మోసింది, ఇంకో రెండు రోజులు మోస్తుంది. కానీ జాకీ తిప్పాలంటే ఎవరో ఒకరు ఆ పైపు పక్కనే కూర్చోవాలి.

"నేను తిప్పుత," అన్నాను. ఎలా అన్నానో తెలియదు.

"నువ్వు దారం చూడు. లెక్క నీది, జాకీ నాది," అని మేస్త్రి బయటికి వెళ్లి పొడుగాటి ఇనుప కడ్డీ తెచ్చాడు. దాన్ని జాకీ రంధ్రంలో పెట్టి, చేయి చాచగలిగినంత దూరంగా కూర్చున్నాడు.

దారం పై కొసను వడ్లాయన దిగేముందే పైపు తలకు కట్టాడు, కింది కొసను నేను కట్టాను. నేను మంచె నడిమి పలక మీద నిలబడి స్కేలు పట్టుకున్నాను. ఆయన పావు చుట్టు తిప్పాడు. పైన ఎక్కడో కర్ర కిర్రుమంది. దుమ్ము రాలింది. తాత తలుపు దగ్గర నిలబడి ఏదో ప్రార్థన చేస్తున్నాడు. ఇంకో పావు చుట్టు.

"ఎంత?"

"పద్దెనిమిది."

"ఇప్పుడు?"

"పద్నాలుగు."

స్కేలును రెండు చేతులతో పట్టుకున్నాను. పదకొండు. ఎనిమిది. ట్రస్సు గోడ మీద పూర్తిగా కూర్చున్నప్పుడు గట్టిగా చప్పుడైంది, నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి దారం పైపుకు దగ్గరగా వచ్చి ఉంది. అయిదు. ఆ అయిదు పైపు పుట్టుకతో తెచ్చుకున్న వంపు. దాని మీద ఇప్పుడు భారం లేదు.

కిందికి దిగి, గోడ పక్కకు వెళ్లి వాంతి చేసుకున్నాను. కండక్టరు మాట అప్పుడు గుర్తొచ్చింది.

సాయంత్రం సార్ చర్చికి వచ్చారు. నా కొత్త లెక్క చూశారు.

"తాత్కాలిక దన్నుకు చివర్లు బిగిసి ఉన్నయని లెక్కల ఎప్పుడూ నమ్మొద్దు. నేనూ సంతకం పెట్టిన, నా తప్పు కూడా ఉంది," అన్నారు. తర్వాత అందరి వైపూ చూశారు. "గని డ్రాయింగుల బోల్టులున్నయి గద. వద్దని ఎవరు చెప్పిన్రు?"

నేను నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. తాత అప్పటికి ఇంటికి వెళ్లిపోయాడు.

"నేనే ఎయ్యలే సార్," అన్నాడు మేస్త్రి. "రాళ్లు పలుగుతయని. నాకు గంత తెల్వలే."

"ముప్పై ఏండ్లు పని చేసి గింతేనా? డ్రాయింగు చూసుడు రాదా? ఓ మనిషి పానం పోతుండె."

మేస్త్రి తల దించుకున్నాడు. నేను నోరు మూసుకున్నాను. ఆ ఇద్దరిలో ఎవరి వైపూ చూడలేదు. పైన ప్రమాదం పోయాక కూడా నాకు ఇంత భయం ఎక్కడ మిగిలి ఉందో నాకు తెలియదు.

శనివారం మేస్త్రితో కలిసి కరీంనగర్‌లో పైపుల దుకాణానికి వెళ్లాను. ఈసారి చివర్లు రెండూ ఊరికే ఆనించినట్టే లెక్క వేశాను. మూడంగుళాల పైపులో అన్నిటికన్నా మందమైనది తీసుకున్నా ఒకటిన్నరే వస్తోంది. మందం పెంచితే పెద్దగా లాభం లేదు, పైపు వెడల్పు పెరగాలి. నాలుగంగుళాలది కావాలి, ఆరు మీటర్లూ ఒకే ముక్కగా, నడుమ అతుకు లేకుండా.

దుకాణం ఆయన ఒకటి చూపించాడు. "ఇగో నాలుగించులు. ఎత్తుకపో."

దాని మీద పసుపు గీత ఉంది. పసుపు గీత అంటే పలచని రకం. దానికి రెండు పాయింట్ ఆరు వస్తుంది, మూడు రాదు.

"ఇది కాదు," అన్నాను. "నీలి గీతది కావాలె. నాలుగున్నర మిల్లీల మందం."

"అమ్మా, నాలుగించులంటె నాలుగించులే గద! గీతల్ల ఏముంటది?"

"కాదు. నీలి గీతది."

ఆయన మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. నీలి గీత పైపు లోపలి నుంచి తెప్పించారు. నేను సంచీలో నుంచి కొలత పరికరం తీసి రెండు చివరలా మందం చూశాను. నాలుగున్నర ఉంది. దానికి మూడు పాయింట్ రెండు వస్తుంది. పైపును నేల మీద దొర్లించి తిన్నదనం కూడా చూశాను. దుకాణం ఆయన నవ్వాడు, నాకు సిగ్గేసింది. అయినా ఇంకోసారి దొర్లించాను.

సోమవారం ఆ పైపు మీదికి భారం ఎక్కించి, దారం కట్టి ఉంచాము. మూడు మిల్లీమీటర్ల వంపు నాలుగైంది, అక్కడే ఆగింది. మంగళవారం వడ్లాయన ట్రస్సు చివర కోశాడు. ఆయన కోస్తున్నంతసేపూ నేను ఆ కప్పు కిందనే కూర్చున్నాను. ఎవరూ కూర్చోమనలేదు. బయట ఎండలో నిలబడి ఉంటే ఇంకా ఎక్కువ భయమేసేది. నేల రాళ్లు చల్లగా ఉన్నాయి. ఆ రోజు డైరీ తీయలేదు.

కొత్త టేకు అతికి, జాకీ దించి, పైపు తీసేసిన రోజు మేస్త్రి తన సామాను సర్దుకుంటున్నాడు. ఆ తర్వాతి పని ఆయనకు ఖానాపూర్ వైపు దొరికింది. ఆ రోజు తర్వాత నేను ఆయన్ని మళ్లీ చూడలేదు. ఆ సాయంత్రం ఇద్దరం రోడ్డు మీద ఆయన బస్సు కోసం నిలబడ్డాము. నేను చాలాసేపు కూడగట్టుకుని అన్నాను.

"కాకా, ఆ రోజు తల ఊపింది నేను. సార్‌కు చెప్పాల్సింది. డైరీల రాసుకున్న, గని చెప్పలేకపోయిన."

ఆయన పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకున్నాడు. బస్సు వచ్చి ఆగింది. మెట్టు ఎక్కి, వెనక్కి తిరిగాడు.

"డైరీల రాసుకుంటె, పైన కూసోని కర్ర కోసేటోనికి ఇనబడది బిడ్డా."